ఆఫర్ వచ్చింది, వెరిఫికేషన్ ఆగింది

శ్రోతలందరికీ నమస్కారం.

ఆఫర్ లెటర్ చేతికొచ్చాక కొన్నాళ్లు కంపెనీ నుంచి ఉలుకూ పలుకూ ఉండదు. లోపల బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ నడుస్తుంటుంది. చాలా కంపెనీలు ఈ పనిని బయటి ఏజెన్సీకి అప్పగిస్తాయి. మన చదువు, పాత ఉద్యోగం, చిరునామా, కోర్టు కేసుల రికార్డు, ఇలా ఒక్కోదాన్ని వాళ్లు విడిగా చూస్తారు. మూడు తేలిపోయి ఒక్కటి ఆగినా తుది రిపోర్టు రాదు. అందుకే మనం హెచ్‌ఆర్‌ను అడగాల్సిన మొదటి మాట, ఏది ఆగింది అని.

చిరునామా సంగతే తీసుకుందాం. ఇది ఆగడానికి మన ప్రాంతంలో ప్రత్యేకంగా ఒక కారణం ఉంది. తుంగతుర్తి మండలంలోని ఒక ఊరి అబ్బాయి అనుకోండి. చదువైపోయింది, హైదరాబాద్‌లో హాస్టల్లో ఉంటున్నడు, మంచి కంపెనీలో ఆఫర్ వచ్చింది. ఫారంలో జిల్లా సూర్యాపేట అని నింపిండు. ఆధార్ కార్డు పాతది, దాని మీద నల్లగొండ అని ఉంది. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయినయని మనకు తెలుసు. ఎక్కడో బెంగళూరులో కూర్చుని రెండు కాగితాలు పోల్చే మనిషికి అది తెలియకపోవచ్చు. ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, తర్వాత 2019లో నారాయణపేట విడిపోయినయి కాబట్టి అక్కడి పిల్లలకూ ఇదే చిక్కు రావచ్చు.

దీనికి తోడు ఏజెన్సీ మనిషి ఊరికి వచ్చి ఇల్లు చూసే పద్ధతి కూడా ఉంది. ఆయన వచ్చి, "ఫలానా అబ్బాయి ఇక్కడ ఉంటడా?" అని అడుగుతడు. అరుగు మీద కూర్చున్న తాత ఉన్నమాటే చెప్తడు: "వాడిక్కడ ఎక్కడుంటడయ్యా, పట్నంలో ఉంటడు." ఆయన కాగితం మీద 'ఇక్కడ నివాసం లేడు' అని రాసుకొని పోతడు. తాత చెప్పింది నిజం, ఆయన రాసిందీ నిజం, అబ్బాయి కేసు మాత్రం ఆగిపోతది. ఇంట్లో వాళ్లకు ముందే ఒక్కమాట చెప్పి పెట్టాలి: "ఇది మా సొంతిల్లు, మావాడు హైదరాబాద్‌లో ఉంటున్నడు, పండుగలకు వస్తడు" అని చెప్తే చాలు. ఫారంలో శాశ్వత చిరునామా గడిలో ఊరు, ప్రస్తుత చిరునామా గడిలో హాస్టల్ రాయాలి. కొత్త నంబర్ల నుంచి వచ్చే ఫోన్లు ఆ రోజుల్లో ఎత్తండి. దారి అడగడానికి ఆ మనిషే చేస్తుండవచ్చు. వెరిఫికేషన్‌కు డబ్బు కట్టమని అడిగితే మాత్రం కట్టకండి, నేరుగా కంపెనీకి చెప్పండి.

ఇక అడగడం సంగతి. మన అబ్బాయి 2వ తేదీ సోమవారం కాగితాలు అప్‌లోడ్ చేసిండు, పది పనిదినాలు పడుతుందన్నారు. శని, ఆదివారాలు తీసేస్తే ఆ గడువు 16తో ముగుస్తుంది. చేరాల్సింది 30న. 9వ తేదీన అడిగితే తొందర. 27న అడిగితే సరిదిద్దుకునే టైం ఉండదు. 18న రాస్తే సరిగ్గా ఉంటుంది. రాసేముందు స్పామ్ ఫోల్డర్ చూసుకోవాలి. 'ఇన్‌సఫిషియెన్సీ' అని, అంటే ఇంకో కాగితం కావాలని, ఏజెన్సీ ఎప్పుడో మెయిల్ పంపి ఉండవచ్చు.

మనం హెచ్‌ఆర్‌కు రాసే మెయిల్ సారాంశం ఇలా ఉండాలి: "నమస్కారం మేడం. నేను 30న చేరాల్సి ఉంది. 2న కాగితాలన్నీ ఇచ్చాను. వెరిఫికేషన్‌లో ఏ భాగం పెండింగ్‌లో ఉందో తెలియజేయగలరు. చిరునామా అయితే ఒక వివరణ: మా మండలం 2016 వరకు నల్లగొండ జిల్లాలో ఉండేది, ఇప్పుడు సూర్యాపేటలో ఉంది. ఊరు, ఇల్లు అవే. కొత్త జిల్లా పేరున్న ధ్రువపత్రం జత చేస్తున్నాను." ఆఫర్ నంబరు, ఫోన్ నంబరు కింద రాసి ఆపేయాలి.

ఇందులో 'క్షమించండి' లేదు, 'నా ఉద్యోగం ఉన్నట్టా లేనట్టా' అన్న ప్రశ్నా లేదు. మేడం ఏజెన్సీకి పంపడానికి కావాల్సింది చేతిలో పెట్టినం. 'ఎనీ అప్‌డేట్' అని రోజూ వాట్సాప్ చేస్తే ఆమె చేయగలిగింది ఏమీ ఉండదు. ఇంటి దగ్గర నాయిన రోజూ "ఏమన్నా వచ్చిందా బిడ్డా?" అని అడుగుతుంటే ఊరుకోవడం కష్టమే, నాకు తెలుసు. ఆ బరువు మెయిల్‌లోకి రానీయొద్దు.

నాలుగు పనిదినాలు చూసి, జవాబు లేకపోతే అదే మెయిల్ కింద రెండు వాక్యాలు రాయండి. అప్పటికీ పలకకపోతే పొద్దున పదకొండు ప్రాంతంలో ఒకసారి ఫోన్ చేయండి. ఇప్పటికే ఎక్కడన్నా పనిచేస్తున్నవాళ్లు ఇంకో ప్రశ్న కూడా అడగాలి: "రిపోర్టు రాకపోయినా 30న చేరవచ్చా, లేక తేదీ మారుతుందా?" దానికి జవాబు మెయిల్‌లో రాతపూర్వకంగా వచ్చేదాకా పాత ఉద్యోగానికి రాజీనామా పెట్టకండి.