క్విటో నగరం హిందూ మహాసముద్రంలో ఎలా పడింది? ఒక ఎక్సెల్ ఫార్ములా రివ్యూ

నమస్కారం అండీ, తిరుపతి నుంచి మాట్లాడుతున్నాను. ఈరోజు రివ్యూకి తెచ్చింది ఫోను కాదు, యాపు కాదు, ఒక చిన్న ఎక్సెల్ ఫార్ములా. డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో రాసిన అక్షాంశ రేఖాంశాలను దశాంశ డిగ్రీల్లోకి మార్చేది.

```
=A2+B2/60+C2/3600
```

A కాలమ్‌లో డిగ్రీలు, B లో నిమిషాలు, C లో సెకన్లు. D లో దిక్కు అక్షరం ఉంటుంది గానీ, చూడండి, ఫార్ములా దాన్ని అసలు పట్టించుకోదు.

ముందు మన ఊరితోనే పరీక్షిద్దాం. తిరుపతి అక్షాంశం 13 డిగ్రీల 38 నిమిషాల 6 సెకన్లు, ఉత్తరం. 38ని 60తో భాగిస్తే 0.6333, 6ని 3600తో భాగిస్తే 0.0017. మొత్తం 13.635. రేఖాంశం 79 డిగ్రీల 25 నిమిషాల 12 సెకన్లు తూర్పు, అంటే 79.42. మ్యాపులో వేస్తే పిన్ ఊళ్ళోనే పడింది. చిత్తూరు వేసినా, శ్రీహరికోట వేసినా ఇంతే. చిక్కంతా ఇక్కడే ఉంది: మన దేశం మొత్తం ఉత్తరం, తూర్పు. దశాంశ డిగ్రీల్లో దక్షిణం, పడమరలకే మైనస్ పెడతారు. మనకు ఆ మైనస్ అవసరమే రాదు కాబట్టి, ఇక్కడ ఎన్నిసార్లు పరీక్షించినా ఈ ఫార్ములా పాసే అవుతుంది.

చిత్తూరులో డిగ్రీ చదివే మా పిన్ని కొడుకు ప్రాజెక్టు కోసం ప్రపంచ నగరాల పట్టిక చేశాడు. రాత్రి పదింటికి ఫోన్. "అన్నా, క్విటో ఏంది, మన కింద సముద్రంలో ఉండాది?"

క్విటో ఈక్వడార్ రాజధాని. ఆండీస్ కొండల మీద 2800 మీటర్ల ఎత్తున ఉండే ఊరు. దాని అక్షాంశం 0 డిగ్రీల 13 నిమిషాల 12 సెకన్లు దక్షిణం. రేఖాంశం 78 డిగ్రీల 30 నిమిషాల 45 సెకన్లు పడమర. సరైన జవాబు -0.22, -78.5125. మావాడి ఫార్ములా రెండూ ప్లస్‌లో ఇచ్చింది. 78.51 తూర్పు అంటే దాదాపు మన తిరుపతి రేఖాంశమే కదా! అందుకే పిన్ మనకు సూటిగా దక్షిణాన, శ్రీలంక కూడా దాటి నీళ్ళలో పడింది.

ఇది మంచి తప్పు అంటాను నేను, ఎందుకంటే కంటికి కనిపిస్తుంది. అసలు ప్రమాదం మావాడు చేసిన రిపేరులో ఉంది. "మైనస్ పెడితే సరిపోతుంది కదా" అని డిగ్రీల సెల్‌లో -78 టైప్ చేశాడు. ఇప్పుడు ఫార్ములా -78 కి 0.5125 కలిపింది. వచ్చింది -77.4875. నిమిషాలు, సెకన్లు మనల్ని సున్నా రేఖ నుంచి దూరంగా తీసుకెళ్ళాలి. డిగ్రీలకు మాత్రమే మైనస్ పెడితే అవి వెనక్కి లాగుతాయి. ఈ ఒక్క పొరపాటుకే పిన్ 114 కిలోమీటర్లు తూర్పుకి జరిగింది.

ఇక అక్షాంశం. -0 అని టైప్ చేసి ఎంటర్ కొడితే... ఇదిగో, సెల్‌లో 0 మాత్రమే మిగిలింది. మైనస్ మాయం! జవాబు 0.22, అంటే ఉత్తరం. ఇది మరో 49 కిలోమీటర్ల తేడా. మొత్తం మీద పిన్ ఇప్పుడు ఈక్వడార్‌లోనే, నేల మీదే, తప్పు చోట ఉంది. దేశం సరైనదే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

అందుకే నేను వాడేది ఇది:

```
=(ABS(A2)+B2/60+C2/3600)*IF(OR(D2="S",D2="W"),-1,IF(OR(D2="N",D2="E"),1,NA()))
```

ముందు అన్నీ ప్లస్‌గా కలుపుతుంది, గుర్తు చివర్లో ఒక్కసారే వేస్తుంది. ఎవరైనా -78 రాసి పక్కన W కూడా పెట్టినా, ABS వల్ల మైనస్ మైనస్ కలిసి ప్లస్ అయిపోదు. గుర్తు అక్షరం నుంచే వస్తుంది కాబట్టి డిగ్రీ సున్నా అయినా ఇబ్బంది లేదు.

చివర్లో ఉన్న NA() ఎందుకు అంటారా? చాలామంది "S, W కాకపోతే ప్లస్" అని రాసి వదిలేస్తారు. S పక్కన ఒక స్పేస్ ఉన్నా అది చప్పుడు లేకుండా ఉత్తరం అయిపోతుంది. స్పానిష్ పట్టికల్లో పడమరని O అని రాస్తారు, ఓఎస్తే అని. జర్మన్‌లో అదే O తూర్పు! ఊహించి మార్చకుండా, తెలియని అక్షరం వస్తే #N/A చూపించడమే నాకు నచ్చింది.

ఇది పట్టుకోలేనిదీ ఒకటుంది. అసలు పట్టికలోనే W బదులు E రాసి ఉంటే ఏ ఫార్ములా ఏమీ చేయలేదు, మ్యాపు మీద చూసుకోవాల్సిందే. అలాగే -0 టైప్ చేసి అక్షరం వదిలేసిన వరుసలో #N/A వస్తుంది గానీ, పోయిన మైనస్ తిరిగి రాదు. అసలు పట్టిక తెరిచి చూడాలి. మావాడి షీట్‌లో అలాంటివి మూడు దొరికాయి. ఫార్ములా లింక్ కింద పెట్టాను. మీ షీట్‌లో వేశాక ముందు క్విటోతో పరీక్షించండి, తిరుపతితో కాదు.