కదలకుండా నిలబడితే కళ్లు ఎందుకు తిరుగుతాయి?

వ్యాఖ్యాత: మొదటి ఫోన్ తీసుకుందాం. చెప్పండి.

శ్రోత: నమస్కారం డాక్టర్ గారూ. నాది కాపలా ఉద్యోగం. గేటు దగ్గర కదలకుండా నిలబడాలి. గంట దాటితే చెమటలు పట్టి కళ్లు మసకబారుతున్నాయి. మొన్న పడిపోయాను కూడా. గస్తీ తిరిగే రోజున మాత్రం ఏమీ ఉండదు. నా గుండె బలహీనపడిందంటారా?

డాక్టర్: పడిపోయినప్పుడు పక్కవాళ్లు ఏం చేశారు?

శ్రోత: లేపి కుర్చీలో కూర్చోబెట్టారు. మళ్లీ స్పృహ తప్పింది.

డాక్టర్: అలా లేపకూడదు! వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పట్టుకోవాలి. మనం నిలబడగానే అర లీటరుకు పైగా రక్తం నడుము కింది సిరల్లోకి దిగుతుంది. దాన్ని పైకి నెట్టేది పిక్క కండరం. అది బిగిసినప్పుడు లోపలి సిరలు నొక్కుకుని రక్తం పైకి పోతుంది. సిరల్లోని కవాటాలు దాన్ని కిందికి జారనివ్వవు. కదలకుండా నిలబడితే చీలమండ దగ్గర సిరలో ఒత్తిడి సుమారు 90 పాదరస మిల్లీమీటర్లు ఉంటుంది. కొన్ని అడుగులు వేస్తే 30కి దిగిపోతుంది.

శ్రోత: అది సరే సార్, గుండె బలహీనమేనా?

డాక్టర్: అక్కడికే వస్తున్నాను. గుండె తన దగ్గరికి వచ్చిన రక్తాన్నే పంపగలదు. ఎక్కువ నిండితే దాని కండరం సాగి, అంతే బలంగా ముడుచుకుంటుంది. తక్కువ నిండితే తక్కువే పంపుతుంది. ఉదాహరణకు, పడుకున్నప్పుడు ఒక్కో స్పందనకు 70 మిల్లీలీటర్లు, నిమిషానికి 70 స్పందనలు అనుకోండి. దాదాపు 5 లీటర్లు. నిలబడితే ఒక్కో స్పందనకు 45 మిల్లీలీటర్లకు తగ్గిందనుకుందాం. నాడి 90కి పెరిగినా 4 లీటర్లే అవుతుంది. రక్తనాళాలు బిగిసి అప్పటికి కాపాడతాయి. ఆ బిగువు కూడా సడలి, నాడి మందగిస్తే స్పృహ పోతుంది.

శ్రోత: అంటే గుండెలో లోపం లేదా?

డాక్టర్: నడిస్తే తగ్గుతోందంటే, రక్తం తిరిగి రాకపోవడమే కారణం కావచ్చు. అయినా ఒకసారి పడిపోయారు కాబట్టి ఈసీజీ తీయించుకోండి. నడుస్తుండగానో పరుగెత్తుతుండగానో పడిపోతే మాత్రం ఆలస్యం చేయవద్దు. నిలబడ్డ చోటే మడమలు ఎత్తి దించుతూ ఉండండి. మసకబారితే వెంటనే పడుకోండి. ఎవరూ లేపి కూర్చోబెట్టకుండా తోటివారికి ముందే చెప్పండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. తర్వాతి వారు.

శ్రోత: కాలిమీద సిరలు ఉబ్బి మెలికలు తిరిగాయండీ. నడిచినా వాపు తగ్గడం లేదు.

డాక్టర్: కవాటాలు సరిగా మూసుకోకపోతే పిక్క నెట్టిన రక్తం మళ్లీ కిందికి జారుతుంది. డాప్లర్ స్కాన్‌లో అది తెలుస్తుంది. తీయించుకోండి.

వ్యాఖ్యాత: ఇంకొకరు.

శ్రోత: మా నాన్నగారికి గుండె వైఫల్యం ఉందండీ. ఎక్కువ నిండితే ఎక్కువ పంపుతుందన్నారు కదా, నీళ్లు ఎక్కువగా తాగించమంటారా?

డాక్టర్: వద్దమ్మా, వద్దు. ఆ గుండె ఇప్పటికే సాగి ఉంది. ఇంకా నింపితే ముందుకు పంపేది పెద్దగా పెరగదు, వెనక ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. వైద్యుడు చెప్పిన కొలత దాటించకండి. రాత్రి పడుకోగానే ఆయాసం వస్తోందా?

శ్రోత: వస్తోందండీ, లేచి కూర్చుంటున్నారు.

డాక్టర్: పడుకుంటే కాళ్లలోని రక్తం గుండెకు చేరి ఆ బరువు పెరుగుతుంది. ఆయన్ని కూర్చోబెట్టే ఉంచి, ఈరోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.