మొదటి ఫోన్‌లోనే ‘వాటా’ అన్నారా? ఇక అయిపోయినట్టే!

"అన్నా, తెనాలిలో మా తాతయ్య ఇల్లు ఉంది. పెద్దనాన్న కొడుకు అందులోనే ఉంటున్నాడు, ఇంటి పన్ను కూడా తన పేరు మీదకి మార్పించేసుకున్నాడు. నేను అడగ్గానే పాతవన్నీ తవ్వుతారు. గొడవ కాకుండా ఈ మాట ఎలా ఎత్తాలి?"

నమస్తే అండీ. ఇలాంటి కామెంట్ కింద జనం ఏం రాస్తారో మీకు తెలుసు. "లాయర్ నోటీసు ఇచ్చెయ్ బ్రో". లైకులే లైకులు. ఆ లైకు కొట్టినవాళ్ళలో ఒక్కడైనా రేపు కోర్టు వాయిదాకి తోడు వస్తాడా? రాడు. నేను మాత్రం ఒకటే మాట చెబుతాను, ఈ వీడియో మొత్తం అదే చెబుతాను, విసుగొచ్చినా సరే. మొదటి ఫోన్‌లో, మొదటిసారి కూర్చున్నప్పుడు, ‘వాటా’ అనే మాట మీ నోట్లోంచి రాకూడదు. ‘పంపకం’ కూడా వద్దు. ‘అమ్మేద్దాం’ అసలే వద్దు.

ఎందుకంటే ఇంట్లో ఉంటున్నవాడికి ‘వాటా’ అన్న మాట ‘ఖాళీ చెయ్యి’ అని వినిపిస్తుంది. వాడి పిల్లల స్కూలు అక్కడే, వాళ్ళమ్మ మంచం వేసుకున్న గది అదే, శ్లాబు కారితే డబ్బులు పెట్టింది వాడే. మీరు హైదరాబాద్‌లో కూర్చుని లెక్క మాట్లాడుతున్నారు, వాడు సామాను ఎక్కడికి మోసుకెళ్ళాలా అని ఆలోచిస్తున్నాడు. భయపడ్డ మనిషి చట్టం మాట్లాడడు, "మా నాన్న చదువు మానేసి మీ నాన్నని చదివించాడు" అంటాడు. పాత గొడవలు లేచేది అక్కడే. పగ వల్ల కాదు, భయం వల్ల. ఇది నా సిద్ధాంతం, దీని మీద ఎవరితోనైనా వాదిస్తాను.

సరే, ముందు ఆ పన్ను సంగతి. తమ్ముడూ, మున్సిపాలిటీ పన్ను రసీదులో పేరు మారినంత మాత్రాన ఇల్లు వాడిది అయిపోదు. ఆ రిజిస్టరు పన్ను ఎవరి దగ్గర వసూలు చెయ్యాలో చెబుతుంది, ఇంటికి యజమాని ఎవరో తేల్చదు. సుప్రీంకోర్టు ఈ మాట చెప్పీ చెప్పీ అలిసిపోయింది. ఇంకో భయం కూడా జనంలో ఉంది, 12 ఏళ్ళు ఉంటే ఇల్లు వాడిదైపోతుందని. ఉమ్మడి హక్కుదారుల మధ్య అలా కాదు. ఒకరు ఉంటే అందరి తరఫున ఉన్నట్టే లెక్క. "మీకు ఇందులో హక్కు లేదు" అని బహిరంగంగా అడ్డం తిరిగి, మీకు తెలిసేలా, అన్నేళ్ళూ అనుభవిస్తే తప్ప ఆ వాదన నిలబడదు. కాబట్టి కొంపేమీ మునిగిపోలేదు. "దొంగతనంగా పేరు మార్పించావట కదా" అని మాత్రం మొదలుపెట్టకు. తాతయ్య పేరుతో వచ్చే డిమాండు నోటీసుతో ఏదో ఇబ్బంది వచ్చి మార్పించి ఉండొచ్చు. కావాలనే చేశాడే అనుకుందాం, అయినా ఆ ఒక్క వాక్యంతో నువ్వు గెలిచేది ఏముంది?

ఇప్పుడు వివరాల్లోకి వెళ్దాం. ఇంకో కామెంట్‌లో ఇతను రాశాడు: 400 గజాలు, 1968లో తాతయ్య తన సంపాదనతో కొన్నాడు, 1994లో పోయాడు, వీలునామా లేదు. నానమ్మ 2006లో పోయింది. ముగ్గురు కొడుకులు, ఒక కూతురు. పెద్దనాన్న 2015లో పోయాడు, పెద్దమ్మ ఉంది, అన్నయ్య, ఒక అక్క. ఇతని నాన్నగారు, బాబాయి ఉన్నారు. అత్తయ్య ఒంగోలులో ఉంది.

తమ్ముడూ, గుండె గట్టి చేసుకో. ఆ ఇంట్లో నీకు అసలు ఏమీ లేదు! తాతయ్య సొంత సంపాదన, వీలునామా లేదు కాబట్టి 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అది ఆయన భార్యకీ, కొడుకులకీ, కూతురికీ సమానంగా వెళ్ళింది. ఐదుగురు. నానమ్మ పోయాక ఆమెది మళ్ళీ నలుగురు పిల్లలకి. అంటే తలా 100 గజాలు. మీ నాన్న బతికుండగా ఆ 100 మీ నాన్నది, నీది కాదు. "మా వాటా ఏది" అని నువ్వు వెళితే, "నువ్వెవరివి అడగడానికి" అనే హక్కు మీ అన్నయ్యకి పూర్తిగా ఉంది. అందుకే "నాన్న ఒకసారి మాట్లాడమన్నారు" అనే వెళ్ళాలి, నాన్న చేత నిజంగా చెప్పించుకునే వెళ్ళాలి.

ఇంకో సంగతి. పెద్దనాన్న 100 గజాలు పెద్దమ్మ, అన్నయ్య, అక్క ముగ్గురివి. అంటే ఇల్లంతా తనదే అనుకుంటున్న మీ అన్నయ్య చేతిలో సొంతంగా ఉన్నది 33 గజాల చిల్లర. ఈ లెక్క నీకు తెలిసి ఉండాలి, నోటి దాకా మాత్రం రాకూడదు. మొదటి రోజే "నీకు 33 గజాలే" అన్నావనుకో, ఆ తర్వాత ఇరవై ఏళ్ళు పెళ్ళిళ్ళలో ఎదురుపడ్డప్పుడు మొహాలు తిప్పుకోవడమే.

అత్తయ్యని అందరూ మర్చిపోతారు, చూశారా? "ఆడపిల్లలకి హక్కు 2005లో కదా వచ్చింది, తాతయ్య 1994లోనే పోయాడు" అని ఊళ్ళో ప్రతి పెద్దమనిషీ చెబుతాడు. తప్పండీ. 2005 సవరణ పుట్టుకతో వచ్చే పిత్రార్జిత హక్కు గురించి. తండ్రి సొంత ఆస్తిలో, వీలునామా లేకపోతే, కూతురికి సమాన భాగం 1956 నుంచీ ఉంది. "మా అత్త ఏమీ వద్దంది" అంటారు. ఎప్పుడంది? ఎవరితో అంది? నోటి మాటతో హక్కు పోదు, ఆమె రిజిస్టర్డ్ హక్కు విడుదల పత్రం రాయాలి. రాయకుండా పోతే ఆ 100 గజాలు ఆమె పిల్లలకీ, మామయ్య ఉంటే ఆయనకీ వెళ్తాయి, అంటే మీ బావలు, వదినలు కూడా వచ్చి కూర్చుంటారు. నేనైతే మొదటి ఫోన్ అత్తయ్యకే చేస్తాను. ఆమె సంతకం లేకుండా ఏదీ పూర్తి కాదు, పైగా అన్నదమ్ముల పిల్లలందరూ నోరు మూసుకుని వినేది ఒక్క ఆమె మాటే.

రెండో ఫోన్ అన్నయ్యకి. గ్రూపులో కాదు! దయచేసి ‘మన ఫ్యామిలీ’ అనే వాట్సాప్ గ్రూపులో ఈ విషయం పెట్టకండి. ఒకడు థంబ్స్ అప్ ఎమోజీ పెడతాడు, ఇంకొకడు చూసి ఊరుకుంటాడు, అమెరికాలో ఉన్నవాడు అర్ధరాత్రి నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్ పెడతాడు, తెల్లారేసరికి యుద్ధం. దశదిన కర్మ రోజు కూడా వద్దు, పెళ్ళిలో అసలే వద్దు. "అందరూ ఒకచోట ఉన్నాం కదా" అనుకుంటాం, కానీ అల్లుళ్ళూ, వియ్యంకులూ చూస్తుండగా ఎవడూ తగ్గడు.

ఫోన్‌లో ఏమనాలి? ఇలా అను: "అన్నయ్యా, ఇల్లు ఇన్నాళ్ళూ చూసుకున్నది మీరే. శ్లాబుకీ పన్నుకీ ఎంత పెట్టావో ఒక కాగితం మీద రాసి ఉంచు, అది లెక్కలోకి రావాలి. ఇప్పుడెవరూ ఇల్లు కదిలించమనట్లేదు. దస్తావేజు ఇంకా తాతయ్య పేరు మీదే ఉంది, మన నాన్నల తరం ఉండగానే కాగితాలు సరిచేసుకుందాం అంటున్నారు నాన్న. నువ్వేమంటావ్?" అంతే. ఆపేయ్. అద్దె లేకుండా ఉన్న సంగతి ఎత్తకు. అది నిజమే, కానీ దాని టైం ఇది కాదు.

మర్యాదగా అడిగినా అవతల నుంచి "నానమ్మ నగలు ఎటు పోయాయి" అని వస్తుంది. వస్తుంది, సందేహం లేదు. అప్పుడు నగలు మా దగ్గర లేవని నిరూపించబోకు. "అది కూడా రాసుకుందాం అన్నయ్యా, ఇంటి సంగతి తేలాక దానికి విడిగా కూర్చుందాం" అను, నిజంగానే రాయి, అతనికి చూపించు. రాసిన ఫిర్యాదు మళ్ళీ మళ్ళీ అరవాల్సిన పని ఉండదు. మీ ఇద్దరి నోట్లోంచీ రాకూడని ఇంకో మాట ‘మీ నాన్న’. ‘పెద్దనాన్న’ అను, ‘బాబాయి’ అనమను. ‘మీ నాన్న ఏం చేశాడో తెలుసా’ అన్న క్షణంలో ఇల్లు పక్కకి పోయి చచ్చిపోయినవాళ్ళ మీద విచారణ మొదలవుతుంది.

మొదటిసారి కూర్చున్నప్పుడు కాగితాల పని ఒక్కటే పెట్టుకోండి. 1968 దస్తావేజు నకలు, ఆ ఇంటి మీద జరిగిన రిజిస్ట్రేషన్లన్నీ చూపించే ఈసీ, తాతయ్య, నానమ్మ, పెద్దనాన్నల మరణ ధ్రువపత్రాలు, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్. ఆన్‌లైన్ ఈసీ సాధారణంగా 1983 నుంచే దొరుకుతుంది, కాబట్టి పాత దస్తావేజు కోసం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళాల్సిందే. అక్కడికి నువ్వొక్కడివీ వెళ్ళకు, అన్నయ్యని వెంటబెట్టుకుని వెళ్ళు! రహస్యంగా ఈసీ తీసి ఫోటో పెడితే నిఘా పెట్టినట్టు ఉంటుంది. అదే ఇద్దరూ బెంచీ మీద కూర్చుని టీ తాగుతూ తీయించుకున్న కాగితం అయితే, అందులో ఉన్నది కాదనడానికి ఎవరికీ నోరు రాదు.

ఎవరికి ఏం కావాలో రెండోసారి అడగాలి. 400 గజాల ఇంటిని నాలుగు ముక్కలు చేస్తే ఒకడికి వాకిలి, ఇంకొకడికి బావి దొరుకుతాయి, కాబట్టి చాలాచోట్ల ఒకరు ఉంచుకుని మిగతావాళ్ళకి డబ్బు ఇవ్వడమే జరుగుతుంది. మొదటి అవకాశం అన్నయ్య కుటుంబానికే ఇవ్వండి. ధర మీ అంచనా కాదు, అతని అంచనా కాదు, ఇద్దరూ ఒప్పుకున్న మనిషి చెప్పాలి. అతను పెట్టిన ఖర్చు అందులో తీసెయ్యాలి, వాయిదాలు ఇవ్వాలి. కుదిరాక తెల్లకాగితం మీద పారీఖత్తు రాసుకుని బీరువాలో పెట్టుకోవడం కాదు, భాగ పంపకం పత్రమో, హక్కు విడుదల పత్రమో రిజిస్టర్ చేయించాలి. పెద్దమ్మ, అక్క, అత్తయ్య సంతకాలతో సహా. స్టాంపు డ్యూటీ బంధుత్వాన్ని బట్టీ పత్రాన్ని బట్టీ మారుతుంది, ముందే అడిగి ఎవరెంత కట్టాలో తేల్చుకోండి, లేకపోతే చివరి రోజు ఆ చలాన్ దగ్గర కొత్త గొడవ.

"అన్నయ్య ఫోనే ఎత్తట్లేదు, అప్పుడేంటి?" అని అడుగుతారు. అత్తయ్యతో చెప్పించండి, ఒక రెండు నెలలు ఆగండి. అప్పటికీ కుదరకపోతే కేసు వెయ్యకముందే న్యాయసేవాధికార సంస్థకి అర్జీ పెట్టుకోవచ్చు, లోక్ అదాలత్‌లో కూర్చోబెడతారు, కోర్టు ఫీజు ఉండదు, అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీ అంత విలువ ఉంటుంది. ఆ అర్జీ పెట్టే ముందు రోజు కూడా అన్నయ్యకి ఫోన్ చేసి చెప్పు, "అక్కడి నుంచి నీకు ఒక కాగితం వస్తుంది, అది నీ మీద కేసు కాదు" అని. పోస్ట్‌మాన్ చేతిలో చూసి తెలుసుకోకూడదు.