ఎనిమిది వందల మంది, మూడు పేజీలు

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున మారతహళ్లి ట్రాఫిక్ దాటుకుని లెక్కల కోసం వచ్చారంటే మిమ్మల్ని ఎక్కువసేపు ఉపోద్ఘాతంతో కూర్చోబెట్టడం అన్యాయం. కాబట్టి నేరుగా లెక్కలోకి వెళ్లిపోదాం: ఒక సైటులో పేజీ నుంచి పేజీకి తిరిగేవాళ్లు చివరికి ఎక్కడ ఎంతమంది ఉంటారు? ఇంటర్‌లో చదివిన మాత్రికలు గుర్తుంటే మంచిదే, మర్చిపోయినా ఇబ్బంది లేదు. కూడిక, సగం చేయడం వస్తే చాలు.

బెంగళూరులో ఉన్న తెలుగువాళ్లం కలిసి ఉగాది వేడుకల కోసం ఒక చిన్న సైటు పెట్టామనుకోండి. మూడే పేజీలు: హోమ్, కార్యక్రమాలు, ఫొటోలు. హోమ్ పేజీకి వచ్చినవాళ్లలో సగం మంది కార్యక్రమాలు నొక్కుతారు, సగం మంది ఫొటోలు నొక్కుతారు. కార్యక్రమాల పేజీ నుంచి వెనక్కి హోమ్‌కి రావడం తప్ప దారి లేదు. ఫొటోల పేజీలో ఉన్నవాళ్లు సగం మంది తర్వాతి ఫొటో చూస్తూ అక్కడే ఉంటారు, సగం మంది హోమ్‌కి వస్తారు. ఇదంతా రాస్తే ఇలా ఉంటుంది. వరుసలూ నిలువులూ హోమ్, కార్యక్రమాలు, ఫొటోలు అనే క్రమంలోనే ఉన్నాయి.

```
0     0.5   0.5
1     0     0
0.5   0     0.5
```

ఒక్కో అడ్డ వరుస ఒక్కో పేజీది. అక్కడి నుంచి ఎటు ఎంత అవకాశంతో వెళ్తారో అది చెబుతుంది. వెళ్లేవాళ్లు ఎక్కడికో ఒక చోటికి వెళ్లాలి కాబట్టి ప్రతి వరుస మొత్తం 1 కావాలి. సైటు లాగ్ నుంచి ఈ మాత్రిక తయారు చేసినప్పుడు నేను మొట్టమొదట చూసేది ఇదే. 1 రాలేదంటే ఏదో క్లిక్ లెక్కలోంచి జారిపోయినట్టే.

ఇందులో ఒక ఒప్పందం దాగి ఉంది. తర్వాత ఎటు వెళ్తారన్నది ఇప్పుడు ఏ పేజీలో ఉన్నారన్నదాని మీదే ఆధారపడుతుంది, అంతకుముందు ఎక్కడెక్కడ తిరిగారన్నది లెక్కలోకి రాదు. ఇలా ఇప్పుడున్న స్థితిని బట్టే తర్వాతి అడుగు పడే క్రమాన్ని గొలుసు అంటారు. ఇలాంటి గొలుసుల మీద 1906లో మొదట రాసింది రష్యన్ గణితవేత్త ఆంద్రే మార్కోవ్. 1913లో ఆయన ఒక రష్యన్ కావ్యంలోని 20,000 అక్షరాలు చేత్తో లెక్కపెట్టి, అచ్చు తర్వాత అచ్చు ఎన్నిసార్లు వస్తుంది, హల్లు తర్వాత అచ్చు ఎన్నిసార్లు వస్తుంది అని చూశాడు. కంప్యూటర్ లేని రోజుల్లో ఆ ఓపికకి దండం పెట్టాలి.

సరే, 800 మందిని ఒకేసారి హోమ్ పేజీలో నిలబెడదాం. ఒక్క క్లిక్ తర్వాత హోమ్‌లో ఎవరూ ఉండరు. 400 మంది కార్యక్రమాల్లో, 400 మంది ఫొటోల్లో ఉంటారు. రెండో క్లిక్‌కి కార్యక్రమాల్లోని 400 మందీ, ఫొటోల నుంచి 200 మందీ హోమ్‌కి వస్తారు. అంటే హోమ్‌లో 600, కార్యక్రమాల్లో సున్నా, ఫొటోల్లో 200. మూడో క్లిక్‌కి 100, 300, 400. నాలుగో క్లిక్‌కి 500, 50, 250. ఐదుకి 175, 250, 375.

హోమ్ సంఖ్య చూడండి: 800, 0, 600, 100, 500, 175. అటూ ఇటూ ఊగుతోంది, కానీ ఊపు తగ్గుతోంది. ఇంకో ఇరవై క్లిక్‌లు పోనిస్తే 320, 160, 320 దగ్గర దాదాపుగా స్థిరపడుతుంది. అక్కడ ఎవరూ కదలడం మానేయరు. హోమ్‌లోని 320 మంది వెళ్లిపోతారు. వాళ్ల స్థానంలో కార్యక్రమాల నుంచి 160, ఫొటోల నుంచి 160 వస్తారు. మనుషులు మారుతూనే ఉంటారు, తలల లెక్క మాత్రం మారదు. అందరినీ ఫొటోల పేజీలో మొదలుపెట్టినా చివరికి ఇదే పంపకం వస్తుంది. ఇంటికెళ్లి ఐదు నిమిషాలు వేసి చూడండి, ఇంకా త్వరగానే దగ్గర పడుతుంది.

మరి ఇది ఎప్పుడూ కుదురుతుందా? కుదరదు. ఫొటోల పేజీలో 'తర్వాతి ఫొటో' బటన్ తీసేశామనుకోండి. అక్కడి వాళ్లందరూ కూడా హోమ్‌కే రావాలి. ఇప్పుడు 800 మందీ ఒక క్లిక్‌కి బయటికి, మరో క్లిక్‌కి హోమ్‌లోకి, ఇలా ఎప్పటికీ తిరుగుతూనే ఉంటారు. ఊపు తగ్గదు. సగటు తీస్తే 400, 200, 200 అని వస్తుంది, అది సరైన సగటే. కానీ ఫలానా క్లిక్ దగ్గర హోమ్‌లో ఎంతమంది ఉన్నారని అడిగితే ఆ క్లిక్ సరిసంఖ్యా బేసిసంఖ్యా అన్నదాన్ని బట్టే జవాబు ఉంటుంది. ప్రోగ్రామ్ సంఖ్యలు స్థిరపడకుండా రెండు జవాబుల మధ్య గంతులేస్తుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

దీనికంటే తరచుగా వచ్చే చిక్కు ఇంకొకటి ఉంది. బటన్ మళ్లీ పెట్టేద్దాం. ఈసారి కార్యక్రమాల పేజీలో ఆహ్వాన పత్రిక పీడీఎఫ్ కూడా పెట్టాం. అక్కడికి వచ్చినవాళ్లలో సగం మంది దాన్ని తెరుస్తారు, సగం మంది హోమ్‌కి వెళ్తారు. పీడీఎఫ్‌లో ఏ లింకూ లేదు. దాని వరుసలో ఏం రాయాలి? అన్నీ సున్నాలు పెడితే మొత్తం 1 రాదు, క్లిక్ క్లిక్‌కీ మనుషులు మాయమైపోతారు. 'అక్కడే ఉంటారు' అని రాస్తే చివరికి 800 మందీ పీడీఎఫ్‌లో చిక్కుకుంటారు. లెక్క తప్పు కాదు, కానీ సైటులో ముఖ్యమైన పేజీ ఏదని అడిగితే 'ఆహ్వాన పత్రిక ఒక్కటే' అనడం హాస్యాస్పదం.

1998లో గూగుల్ వ్యవస్థాపకులు బ్రిన్, పేజ్ వెబ్ పేజీల్లో ఏది ఎంత ముఖ్యమో లెక్కగట్టే తమ పేజ్‌ర్యాంక్‌లో ఒక ఉపాయం వాడారు: నూటికి 85 పాళ్లు లింక్ పట్టుకుని వెళ్లడం, మిగతా 15 పాళ్లు విసుగొచ్చి ఏదో ఒక పేజీకి దూకడం. మన ఇరుక్కుపోయిన సైటుకి అదే పెడితే పీడీఎఫ్‌లో 800కి బదులు సుమారు 440 మంది ఉంటారు. తగ్గింది, కానీ ఇంకా సగం కంటే ఎక్కువే. అలా కాకుండా 15 పాళ్ల దూకుడు వదిలేసి, పీడీఎఫ్ చూసినవాళ్లు నాలుగు పేజీల్లో ఏదో ఒకదానికి సమాన అవకాశంతో వెళ్తారని ఆ ఒక్క వరుస మారిస్తే పంపకం 250, 150, 300, 100 అవుతుంది. చివరి వంద పీడీఎఫ్‌ది. 800, 440, 100: సందర్శకుల క్లిక్‌లు ఒక్కటీ మారలేదు, దారి లేని పేజీని ఎలా దాటించాలన్న మన నిర్ణయమే మారింది. అందుకే ఎవరైనా ఇలాంటి ర్యాంకు చూపిస్తే ఆ వరుసలో ఏం రాశారని నేను అడుగుతాను.

ఇక మొదట చేసుకున్న ఒప్పందం సంగతి. పీడీఎఫ్ తీసేసి మూడు పేజీలకే వద్దాం. ఫొటోల దగ్గర సగం మంది ఉంటారు, సగం మంది వెళ్తారు అన్నాం. లాగ్‌ని కొంచెం విడదీసి చూస్తే, మొదటి ఫొటో చూసినవాళ్లలో 30 శాతమే వెళ్లిపోతున్నారు, ఆ తర్వాతి ఫొటోలకి వచ్చినవాళ్లలో ప్రతిసారీ 70 శాతం వెళ్లిపోతున్నారు అనుకోండి. అంటే పాత అడుగు గుర్తుంది, ఒప్పందం చెదిరింది. కానీ సగటున ఒక్కొక్కరు చూసే ఫొటోలు అప్పుడూ రెండే, ఇప్పుడూ రెండే. అందుకే 320, 160, 320లో ఒక్క తల కూడా మారదు. దీర్ఘకాలపు సంఖ్య సరిపోయింది కదా అని మురిసిపోతే, 'ఒక్క ఫొటో చూసి వెళ్లిపోయేవాళ్లు ఎంతమంది?' అన్న ప్రశ్నకి మాత్రిక 50 శాతం అని చెబుతుంది, నిజం 30.

దీనికి మందు పాత దారులన్నీ గుర్తుపెట్టుకోవడం కాదు. 'మొదటి ఫొటో', 'తర్వాతి ఫొటోలు' అని ఫొటోల పేజీని రెండు స్థితులుగా చీలిస్తే చాలు. మూడు వరుసల మాత్రిక నాలుగు వరుసలది అవుతుంది, ఒప్పందం మళ్లీ నిలబడుతుంది. బ్రౌజర్‌లో వెనక్కి బాణం నొక్కేవాళ్ల విషయంలో మాత్రం ఇంత తేలిగ్గా తేలదు. వాళ్లు ఎటు వెళ్తారన్నది వచ్చిన దారిని బట్టే ఉంటుంది కాబట్టి స్థితిలో కనీసం ముందు చూసిన పేజీ కూడా ఉండాలి. అప్పుడు మూడు పేజీలకి తొమ్మిది జతల వరకూ రావచ్చు, వంద పేజీలకి పదివేలు. అన్ని వరుసలు నింపేంత డేటా మన ఉగాది సైటుకి ఎక్కడిది?