మసకలో పోయిన పుట్టుమచ్చ

అందరికీ నమస్కారం. ఇక్కడున్నవారిలో చాలామంది ఫొటో స్టూడియోలు నడిపేవారే కాబట్టి, నా చేతికి వచ్చిన ఒక పనిని మొదటి నుంచి చెబుతాను. అందులో నేను చేసిన తప్పు కూడా ఉంది.

ఒకావిడ నాకు వాట్సాప్‌లో పాత పెళ్లి గ్రూపు ఫొటో పంపారు. రెండో వరుస చివర నిలబడ్డది వాళ్ల అమ్మగారు. ఆమెకు ఇంకో ఫొటో లేదు. కుర్చీలో కూర్చున్నట్టు నిండైన చిత్రం కావాలన్నారు. చిత్రాన్ని తయారుచేసే మోడల్‌కు ముఖం చూపించాలి కదా. కొలిచి చూస్తే ఆ ముఖం వెడల్పు 60 పిక్సెళ్లు. కన్ను అంటే నాలుగైదు నల్ల చుక్కలు, అంతే.

నేను వెంటనే దాన్ని మసక ముఖాలను బాగుచేసే కోడ్‌ఫార్మర్‌లో వేశాను. క్షణాల్లో కనురెప్పల వెంట్రుకలతో సహా తళతళలాడే ముఖం వచ్చింది. సంబరంగా చూపించాను. ఆవిడ కాసేపు చూసి, “బాగుందండీ, కానీ ఈమె ఎవరు?” అన్నారు. అమ్మగారికి పెదవి పైన పుట్టుమచ్చ ఉండేదట, ముక్కుకు రెండు వైపులా పుడకలు ఉండేవట. నేను చూపించిన ముఖంలో ఒక్కటీ లేదు.

ఎందుకు లేవు? ముఖాన్ని బాగుచేసే ఈ సాధనాలు మసక కింద దాగినదాన్ని వెలికితీయవు. వేలాది స్పష్టమైన ముఖాలను చూసి నేర్చుకున్న అలవాటుతో, ఈ మసకకు సరిపోయే ముఖాన్ని కొత్తగా గీస్తాయి. జీఎఫ్‌పీగ్యాన్, కోడ్‌ఫార్మర్ రెండూ నేర్చుకున్నది ఇంటర్నెట్ ఫొటోల నుంచి పోగుచేసిన 70,000 ముఖాల సంచయం మీద. అందులో రెండు ముక్కుపుడకల అమ్మలు ఎందరుంటారు? రెండు పిక్సెళ్ల మచ్చ దాని కంటికి మరక. తుడిచేస్తుంది. 2020లో పల్స్ అనే ఇలాంటి పద్ధతికి ఒబామా మసక ఫొటో ఇస్తే తెల్లజాతి మగవాడి ముఖం గీసి ఇచ్చింది. అప్పుడు దాని మీద పెద్ద చర్చే జరిగింది. నా బల్ల మీద జరిగిందీ అదే.

అందుకని మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి సాఫ్ట్‌వేర్ జోలికి పోకుండా అసలు ప్రింటు తెప్పించాను. పోస్టుకార్డు సైజు ప్రింటులో ముఖం వెడల్పు 8 మిల్లీమీటర్లు. 600 డీపీఐలో స్కాన్ చేస్తే దాదాపు 190 పిక్సెళ్లు వచ్చాయి. మచ్చ కనిపించింది, ఒక పుడక మెరుపూ కనిపించింది. ఏ అప్‌స్కేలరూ ఇవ్వలేనిది స్కానర్ ఇచ్చింది. అయితే ఆ ప్రింటు తేనెపట్టు గీతలున్న పాత సిల్కు కాగితం. ఆ గీతలతోనే పెద్దది చేస్తే చర్మమంతా పొలుసుల్లా తేలుతుంది. ప్రింటును తలకిందులుగా తిప్పి మరోసారి స్కాన్ చేసి, రెండింటినీ సరిగ్గా ఒకదానిమీద ఒకటి పెట్టి సగటు తీస్తే గీతలు చాలావరకు అణిగాయి.

ఆ తర్వాతే బాగుచేసే పని. కోడ్‌ఫార్మర్‌లో w అనే అంకె ఉంటుంది. 0 దగ్గర అది తన ఇష్టానికి గీస్తుంది, 1 దగ్గర మీరిచ్చిన ముఖానికి కట్టుబడుతుంది. మొదటిసారి నేను 0 దగ్గర వదిలేశాను. ఈసారి 0.8 పెట్టి, కొలత రెండింతలు చేయించాను:

```
python inference_codeformer.py -w 0.8 -s 2 --input_path amma.png
```

ముఖం మునుపటంత తళుక్కుమనలేదు, కానీ ఆమే. మచ్చ సగం చెరిగింది కాబట్టి స్కాన్‌ను రెండింతలు పెంచి కింది పొరగా పెట్టి, మచ్చ ఉన్నచోట, పుడక ఉన్నచోట పై పొరను చెరిపాను.

నమ్మవచ్చో లేదో తేల్చే పరీక్ష ఒకటుంది. బాగుచేసినదాన్ని తిరిగి అసలు కొలతకు కుదించి, స్కాన్ మీద పెట్టి, పై పొరను ఆర్పుతూ వెలిగిస్తూ చూడండి. కనుబొమ్మ కదిలినా, పెదవి మూల లేచినా అది సాధనం కల్పించిందే. అయితే పరీక్షలో నెగ్గినంత మాత్రాన ఆ ముఖం నిజమని కాదు, ఫొటోకు విరుద్ధంగా లేదని మాత్రమే. ఒకే మసకకు సరిపోయే ముఖాలు ఎన్నో ఉంటాయి. ఇక మనిషి కదలడం వల్ల చెదిరిన ఫొటోల్లో ఈ సాధనాలు తరచూ బోల్తా పడతాయి. జంట అంచులను చూసి రెండో కనురెప్ప గీసిన సందర్భాలు నేనే చూశాను.

చివరికి చిత్రం తయారీ. అందుకు నేను వాడిన మోడల్ ఇన్‌స్టంట్‌ఐడీ, మనిషి గుర్తింపు కోసం ముఖాన్ని 112 పిక్సెళ్ల చదరానికి కుదించి చూస్తుంది. అక్కడ కల్పించిన కనురెప్పలతో పనేముంది? నా స్కాన్‌లో అంతకన్నా ఎక్కువే ఉంది. కాబట్టి గుర్తింపుకు బాగుచేయని స్కాన్‌నే ఇచ్చాను. రూపురేఖల కోసం బొమ్మ మొత్తాన్ని చూసే ఐపీ-అడాప్టర్‌కు మాత్రం బాగుచేసినది ఇచ్చాను, ఎందుకంటే అది మసకను కూడా శైలి అనుకుని దించేస్తుంది. మచ్చ, పుడకలు ఈ దారిలో నమ్మకంగా రావు. వాటిని చివర ఆ చోటు మేరకే మళ్లీ గీయించాను.

ఆవిడ చూసి ఈసారి ఏమీ అడగలేదు, ఫ్రేము ఏ రంగులో ఉండాలో చెప్పారు. ఫొటోలో రెండో వైపు పుడక ఎక్కడా కనిపించలేదు. అది కూతురు చెప్పిన మాటను బట్టి పెట్టిందే. ఆ సంగతి చిత్రం వెనక పెన్సిలుతో రాసి ఇచ్చాను.