ముందు కవరు తీయండి

అందరికీ నమస్కారం. మొక్కలు నాటడానికి ఆదివారం పొద్దున ఆరున్నరకే ఇంతమంది వస్తారనుకోలేదు, ఇడ్లీలు యాభై మందికే చెప్పాను. ఈసారి ముఖ్య అతిథి ఎవరూ లేరు, శాలువాలూ లేవు. ఎందుకు లేరో చెప్పి పనిలోకి వెళ్దాం. సెక్రటరీ గారు వాచీ చూపిస్తున్నారు. రెండు నిమిషాలండీ.

పోయిన ఏడాది జులైలో ఇదే పార్కు దగ్గర అరవై మొక్కలు పెట్టాం. అతిథి గారు వచ్చేసరికి పదకొండయింది. ఫోటోల తొందరలో అరగంటలో అన్నీ గుంటల్లో పెట్టేశాం. మే నెలలో లెక్కపెడితే పద్నాలుగు మిగిలాయి. నీళ్ళు పోయలేదని వాచ్‌మన్‌ని అందరం తిట్టాం, నేనూ తిట్టాను. తర్వాత ఒకరోజు మా గేటు ముందు ఎండిపోయిన కానుగని పీకుదామని పట్టుకుంటే, ముల్లంగి దుంప వచ్చినట్టు చేతిలోకి వచ్చేసింది. నల్ల కవరు అలాగే ఉంది! వేళ్ళు బయటికి దారిలేక కవరు లోపలే చాప చుట్టినట్టు చుట్టుకుపోయాయి. పోసిన నీళ్ళు కవరు పక్కనుంచి కిందికి దిగిపోయాయి, మొక్కకి అందింది తక్కువ. ఆ సాయంత్రం ఇంకో తొమ్మిది పీకి చూస్తే ఆరింటికి కవర్లున్నాయి. వాచ్‌మన్ అప్పటికే పని మానేసి వెళ్ళిపోయాడు. అతనికి ఆ మాట చెప్పలేకపోయాను.

అందుకే ఈసారి అరవై కాదు, ముప్పై. గుంటలు రెండు వారాల క్రితమే తీయించాం, రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు. మన కాలనీలో పైన అడుగు మట్టి, కింద మొరం, మధ్యలో ఎవరో ఇల్లు కట్టి పూడ్చిన ఇటుక ముక్కలు. గుంటలో రెండు బకెట్లు పోసి రాత్రంతా వదిలేశాం. పొద్దుటికి మూడు గుంటల్లో నీళ్ళు అలాగే నిలిచున్నాయి. అలాంటి చోట వేరు కుళ్ళుతుంది, అందుకని ఆ మూడూ పూడ్చేసి పక్కకి జరిపాం.

మొక్కల్లో కానుగ, పొగడ రోడ్డు మీదకి, నేరేడు పార్కులోకే. నేరేడు రోడ్డు మీద ఎందుకు వద్దన్నానో కార్లున్నవాళ్ళకి తెలుసు. కరెంటు తీగల కింద మాత్రం పారిజాతమే. పెద్ద చెట్టు పెడితే నాలుగేళ్ళకి కరెంటు వాళ్ళొచ్చి తల నరికేస్తారు. కోనోకార్పస్ అడిగారు కొందరు, త్వరగా పెరుగుతుందని. వద్దండీ, దాని పుప్పొడితో ఎలర్జీలొస్తాయన్న ఫిర్యాదులున్నాయి, వేళ్ళు పైపుల్లోకి దూరుతాయి.

ఇప్పుడు చూడండి, ఈ మొక్కతో చేసి చూపిస్తాను. నిన్న సాయంత్రమే తడిపాం, మట్టి ముద్ద విడిపోకుండా. కవరుని లాగకూడదు. బ్లేడుతో పక్కన నిలువుగా ఒక గాటు, అడుగున ఒక గాటు, అంతే, చొక్కా విప్పినట్టు విప్పేయడం. అడుగున చుట్టలు తిరిగిన వేళ్ళు కనిపిస్తున్నాయా? ఇవి కత్తిరించేయాలి, భయపడకండి. వదిలేస్తే గుంటలోనూ గుండ్రంగానే తిరుగుతాయి, పదేళ్ళ తర్వాత గాలివానకి ఆ చెట్టే పడుతుంది. కవరులో మట్టి ఎంతవరకు ఉందో బయట కూడా అంతవరకే. మొదలు పాతిపెడితే బెరడు కుళ్ళుతుంది. మూడొంతుల మట్టికి ఒక వంతు బాగా చివికిన పశువుల ఎరువు, చెదకి రెండు గుప్పిళ్ళు వేపపిండి. కాలితో మెల్లగా అదిమి, చుట్టూ పాదు కట్టండి.

కర్రకి కట్టడానికి పాత నూలు చీరల పీలికలు తెమ్మన్నాను, తెచ్చారు, మా ఆవిడవీ రెండున్నాయి. ఇనుపతీగ మాత్రం ముట్టుకోవద్దు. రెండేళ్ళకి బోదెలోకి దిగి గొంతు నులిమినట్టు నులుముతుంది.

నీళ్ళ సంగతి. రోజూ చెంబుడు పోస్తే పైన రెండంగుళాలే తడుస్తుంది, వేరు కిందికి దిగదు. వానల్లేని రోజుల్లో వారానికి రెండుసార్లు, ఒక్కోసారి ఒక బకెట్, మెల్లగా. ఎండాకాలం రెండు బకెట్లు. ఆకులు రాలిపోతే చచ్చిందని పీకేయకండి. గోటితో బెరడు కొంచెం గీకి చూడండి, లోపల పచ్చగా ఉంటే బతికున్నట్టే.

ప్రతి మొక్కకీ ఎదురింటి నంబరు రాసిన రేకు ఉంది. అద్దెకున్నవాళ్ళు, ఖాళీ చేసేటప్పుడు తర్వాతి వాళ్ళకి ఆ రేకు చూపించి వెళ్ళండి. గుంటకి ఇద్దరు. గడ్డపారలు, తట్టలు పంపుహౌస్ దగ్గర, బ్లేడ్లు నా దగ్గరే, పిల్లలకి ఇవ్వను. విప్పిన కవర్లు ఈ గోనెసంచిలో వేయాలి. ముప్పై మొక్కలు, ముప్పై కవర్లు. సంచిలో ఒకటి తగ్గినా ఇడ్లీల దగ్గరికి ఎవరినీ పోనివ్వను. మూడో లైను వాళ్ళు ముందు రండి, మీ వైపు ఎండ తొందరగా వస్తుంది.