మూవ్ టు ఫ్రంటా, కౌంటా? 50 వెతుకులాటలతో తేల్చుకుందాం

నమస్తే. స్క్రీన్ మీద ఒక లింక్డ్ లిస్ట్ ఉంది చూడండి. అందులో 5 నోడ్లు: క, చ, ట, త, ప. ఏది కావాలన్నా మొదటి నోడ్ నుంచి ఒక్కొక్కటే పోల్చుకుంటూ వెళ్లాలి, వేరే దారి లేదు. క కావాలంటే 1 పోలిక, ప కావాలంటే 5. ఈ పోలికల సంఖ్యనే ఖర్చు అందాం.

వెతికిన ప్రతిసారీ లిస్ట్ తనను తాను కాస్త సర్దుకుంటే, తర్వాతి వెతుకులాటలు చవకవుతాయి. సర్దుకోవడానికి ఇవాళ రెండు పద్ధతులు చూద్దాం. మొదటిది మూవ్ టు ఫ్రంట్: దొరికిన నోడ్‌ని తీసి లిస్ట్ మొదట్లో పెట్టేయడం. రెండోది కౌంట్: ప్రతి నోడ్‌లో ఒక లెక్క ఉంచి, దొరికినప్పుడల్లా దానికి 1 కలిపి, తనకంటే తక్కువ లెక్క ఉన్నవాటిని దాటించి ముందుకు జరపడం. లెక్క సమానమైతే దాటించం. ఈ చిన్న షరతు గుర్తుంచుకోండి, కాసేపట్లో పని పడుతుంది.

ముందు మూవ్ టు ఫ్రంట్ కోడ్ చూద్దాం.

```python
def find(head, key):
    prev, cur, steps = None, head, 0
    while cur:
        steps += 1
        if cur.key == key:
            break
        prev, cur = cur, cur.next
    if cur and prev:
        prev.next = cur.next
        cur.next = head
        head = cur
    return head, cur, steps
```

`if cur and prev` అన్న లైను దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం, ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. వెతికిన నోడ్ అప్పటికే మొదట్లో ఉంటే `prev` ఖాళీగా ఉంటుంది. అప్పుడు ఏమీ జరపకూడదు. కొందరు `prev.next` ఉన్న లైనుకి మాత్రమే ఆ షరతు పెట్టి, `cur.next = head` ని బయట వదిలేస్తారు. అక్కడ `cur`, `head` రెండూ ఒకటే కాబట్టి ఆ నోడ్ తననే చూపించుకుంటుంది. వెనకున్న లిస్టంతా తెగిపోతుంది. ఆ క్షణంలో ఏ ఎర్రరూ రాదు. ఆ తర్వాత ఇంకో అక్షరం కోసం వెతికినప్పుడు లూప్ అక్కడే తిరుగుతూ ప్రోగ్రామ్ బిగుసుకుపోతుంది. ఒకే అక్షరాన్ని వరుసగా రెండుసార్లు వెతికాక బిగుసుకుందంటే కారణం దాదాపు ఇదే.

ఇంకో మాట. లింక్డ్ లిస్ట్‌లో నోడ్‌ని ముందుకు తేవాలంటే రెండు మూడు పాయింటర్లు మారిస్తే చాలు. అదే అర్రేలో అయితే ముందున్నవన్నీ ఒక్కో గడి వెనక్కి జరపాలి. మనం ఇక్కడ పోలికలే లెక్కిస్తున్నాం కాబట్టి, అర్రేతో ఈ పని చేసేవాళ్లు ఆ జరపడాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. మొత్తం 50 వెతుకులాటలు, ఒక్కో అక్షరం సరిగ్గా 10 సార్లు. వాటిని మొదట గుంపులుగా అడుగుదాం: 10 సార్లు క, ఆ తర్వాత 10 సార్లు చ, అలా ప దాకా.

మూవ్ టు ఫ్రంట్‌తో క కి 10 పోలికలు. తర్వాత చ. మొదటిసారి అది రెండో స్థానంలో ఉంది కాబట్టి 2, ఆ వెంటనే ముందుకొచ్చేస్తుంది, మిగతా 9 సార్లు ఒక్కొక్కటి. మొత్తం 11. ట కి మొదటిసారి 3, తర్వాత 9, అంటే 12. త కి 13, ప కి 14. అన్నీ కలిపితే 60. సగటున ఒక్కో వెతుకులాటకి 1.2 పోలికలు.

అదే వరుసని కౌంట్‌తో నడుపుదాం. క కి 10. ఇప్పుడు క లెక్క 10, మిగతావాటివి సున్నా. చ ని అడగడం మొదలుపెట్టాం. దాని లెక్క 1, 2, 3 అంటూ పెరుగుతుంది కానీ క ని దాటాలంటే 11 రావాలి. పదోసారికి సమానమవుతుంది, సమానమైతే దాటించం అనుకున్నాం కదా. అందుకని పదిసార్లూ 2 పోలికలే, మొత్తం 20. ట కి 30, త కి 40, ప కి 50. కలిపితే 150, సగటు 3. ఇంత సేపు లెక్కలు రాసుకున్నా లిస్ట్ ఒక్క అడుగు కూడా కదల్లేదు.

ఇక అవే 50 వెతుకులాటలని ఇంకో వరుసలో అడుగుదాం. క, చ, ట, త, ప, మళ్లీ క, చ, ట, త, ప, ఇలా 10 చుట్లు. ఒక్కో అక్షరం ఇప్పుడూ 10 సార్లే. కౌంట్‌కి తేడా ఏమీ తెలియదు. ఎవరి లెక్కా ముందున్నవాళ్ల లెక్కని మించదు, లిస్ట్ కదలదు, మళ్లీ 150.

మూవ్ టు ఫ్రంట్ సంగతి చూడండి. మొదటి చుట్టులో 1, 2, 3, 4, 5, కలిపి 15. ఆ చుట్టు అయ్యేసరికి లిస్ట్ తిరగబడి ప, త, ట, చ, క గా ఉంటుంది. ఇప్పుడు కావాల్సింది క, అది చిట్టచివర ఉంది. 5 పోలికలు పెట్టి దాన్ని ముందుకు తెస్తే, తర్వాత కావాల్సిన చ చిట్టచివరకి చేరుతుంది. అడగబోయేది ఎప్పుడూ ఆఖర్నే ఉంటుంది. మిగిలిన 9 చుట్లలో చుట్టుకి 25 చొప్పున 225, మొదటి 15 కలిపితే 240. సగటు 4.8.

అవే అక్షరాలు, అన్నిటికీ అవే పదేసి సార్లు. మూవ్ టు ఫ్రంట్ ఒకచోట 60, ఇంకోచోట 240. కౌంట్ రెండుచోట్లా 150. ఎందుకంటే ఎవరు ఎన్నిసార్లు అన్నదే కౌంట్ చూస్తుంది. ఎవరు ఇప్పుడే వచ్చారన్నది మూవ్ టు ఫ్రంట్ చూస్తుంది.

మరి వరుసలో ఏ పద్ధతీ లేకుండా, యాదృచ్ఛికంగా వస్తే? పోయినసారి ఏం అడిగారన్న దానితో సంబంధం లేకుండా, క రావడానికి సంభావ్యత 0.6, చ కి 0.3, ట కి 0.1 అనుకుందాం. ఈ మూడే ఉన్నాయి. సంభావ్యతలు ముందే తెలిస్తే క, చ, ట అని పేర్చి కదపకుండా ఉంచేస్తాం. సగటు ఖర్చు 0.6 × 1 + 0.3 × 2 + 0.1 × 3, అంటే 1.5. మారని వరుసల్లో ఇంతకంటే మంచిది లేదు. చాలా వెతుకులాటలు అయ్యాక కౌంట్ లెక్కలు ఈ సంభావ్యతల వైపే సర్దుకుంటాయి కాబట్టి దాని సగటు కూడా 1.5 కి చేరుతుంది.

మూవ్ టు ఫ్రంట్ ఎక్కడ తేలుతుంది? దీన్ని లెక్కగట్టే పద్ధతి నాకు చాలా ఇష్టం. ఒక అక్షరాన్ని వెతికే ఖర్చు అంటే 1 కి దాని ముందు ఎన్ని ఉన్నాయో అన్ని కలపడమే. అందుకని జంటలు జంటలుగా చూస్తే చాలు. క, చ జంటని తీసుకుని ట ని కాసేపు మర్చిపోండి. ఈ రెండిట్లో ముందు ఏది ఉంటుంది? ఆఖరుసారి అడిగింది ఏదో అది. అది క కావడానికి సంభావ్యత 0.6/0.9, అంటే మూడింట రెండు వంతులు. చ కావడానికి మూడింట ఒక వంతు. క ని అడిగినప్పుడు చ అడ్డుండే ఖర్చు 0.6 లో మూడో వంతు, 0.2. చ ని అడిగినప్పుడు క అడ్డుండే ఖర్చు 0.3 లో మూడింట రెండు వంతులు, అదీ 0.2. ఈ జంట వల్ల 0.4. మారని వరుసలో ఇదే జంట ఖర్చు 0.3, ఎందుకంటే చ ని అడిగినప్పుడు మాత్రమే క అడ్డుంటుంది.

ఇలాగే క, ట జంటకి సుమారు 0.171, చ, ట జంటకి 0.15 వస్తాయి. అన్నీ కలిపితే సుమారు 1.721. సూత్రంగా రాస్తే ఇలా ఉంటుంది.

```
1 + 2 * Σ(i<j) p_i * p_j / (p_i + p_j)
```

ఈ సూత్రాన్ని కాసేపు చూస్తే ఇంకో విషయం బయటపడుతుంది. ఒక జంటకి మూవ్ టు ఫ్రంట్ ఖర్చు అంటే, చిన్న సంభావ్యతకి రెండింతల్ని ఒక భిన్నంతో గుణించినట్టు. ఆ భిన్నం పెద్దదాన్ని రెండిటి మొత్తంతో భాగిస్తే వచ్చేది, కాబట్టి 1 కంటే తక్కువ. మారని మంచి వరుసలో ఆ జంట ఖర్చు చిన్న సంభావ్యతే. కాబట్టి ఏ జంటలోనూ ఖర్చు రెట్టింపుకి చేరదు, మొత్తం సగటూ చేరదు.

యాదృచ్ఛికమన్న షరతు తీసేసినా ఒక హామీ మిగులుతుంది. 1985లో డానియల్ స్లీటర్, రాబర్ట్ టార్జన్ నిరూపించింది అదే: రాబోయే వెతుకులాటలన్నీ ముందే తెలిసి లిస్ట్‌ని సర్దుకునే పద్ధతితో పోల్చినా, మూవ్ టు ఫ్రంట్ ఖర్చు దాదాపు రెండింతలకి మించదు. కౌంట్‌కి అలాంటి హామీ లేదు. మన గుంపుల ఉదాహరణనే పెంచి చూడండి. 5 అక్షరాల బదులు 100 నోడ్లు, ఒక్కోదాన్ని వరుసగా 1000 సార్లు అడిగితే కౌంట్ సగటు 50.5. మూవ్ టు ఫ్రంట్ సగటు సుమారు 1.05.

కౌంట్‌కి ఉన్న ఈ పాత జ్ఞాపకాన్ని కొంత తగ్గించవచ్చు. అప్పుడప్పుడు లెక్కలన్నిటినీ సగం చేస్తే పాతవాటి బరువు తగ్గుతుంది, కొత్తగా వచ్చినవి త్వరగా పైకొస్తాయి. అయితే ఎన్ని వెతుకులాటలకి ఒకసారి సగం చేయాలన్నది మీ డేటాని చూసి మీరే తేల్చుకోవాలి. అందుకే నేనైతే ముందు మూవ్ టు ఫ్రంట్ పెట్టి చూస్తాను. దానికి అదనపు మెమరీ అక్కర్లేదు, సరిచేసుకోవాల్సిన సంఖ్యా ఏదీ లేదు.

మీ ప్రోగ్రామ్‌కి ఏది నప్పుతుందో తేల్చే పరీక్ష ఒకటి చూపిస్తాను. నిజంగా వచ్చిన వెతుకులాటల వరుసని ఒక ఫైల్లో దాచండి. దాని మీద మూవ్ టు ఫ్రంట్ నడిపి సగటు రాసుకోండి. తర్వాత అదే వరుసని `random.shuffle` తో కలిపేసి మళ్లీ నడపండి. కలిపేసినా ఏది ఎన్నిసార్లన్నది మారదు, వరుస ఒక్కటే చెదురుతుంది. మన 50 అక్షరాల్నే కలిపితే సగటు 3 కి దగ్గర్లో వస్తుంది. పై సూత్రంలో ఐదింటికీ 0.2 పెట్టి చూడండి, సరిగ్గా 3 వస్తుంది.

అసలు వరుస సగటు, కలిపిన వరుస సగటు కంటే బాగా తక్కువగా ఉంటే, అడిగినవాటినే వెంటవెంటనే మళ్లీ అడుగుతున్నారన్నమాట. అక్కడ మూవ్ టు ఫ్రంట్ ఉంచేయండి. రెండూ దాదాపు ఒకటే అయితే వరుసలో సమాచారం లేదు, ఉన్నదంతా ఏది ఎన్నిసార్లన్న దాంట్లోనే ఉంది. అక్కడ కౌంట్ కాస్త మెరుగు. అసలు వరుసే ఎక్కువ ఖర్చు చూపిస్తే మీ ప్రోగ్రామ్ ఎక్కడో లిస్ట్ మొత్తాన్ని చుట్లు చుట్లుగా తిరుగుతోంది. ఆ చోట `find` ని పిలవడం మానేసి, నోడ్లని కదపకుండా నేరుగా మొదటి నుంచి చివరిదాకా నడిచే లూప్ రాయండి.